రిపేర్ల క్లాజులో ఓనరు పని, అద్దెకున్నవాళ్ల పని విడదీసి రాయడం ఎలా?

ప్రశ్న: కూకట్‌పల్లిలో ఒక అపార్ట్‌మెంటు మూడో అంతస్తులో అద్దెకుంటున్నాం. అద్దె నెలకు 24,000. అగ్రిమెంటులో రిపేర్ల గురించి ఉన్నదంతా ఇంతే: “అద్దెదారు ఇంటిని మంచి స్థితిలో ఉంచవలెను. చిన్నచిన్న మరమ్మతులు అద్దెదారు, పెద్ద మరమ్మతులు యజమాని చేయించవలెను. మెయింటెనెన్స్ అద్దెదారుదే.” ఇప్పుడు మా కామన్ బాత్రూములోంచి కింది ఫ్లాటు సీలింగుకి తేమ దిగుతోంది. ఓనరు గారిని అడిగితే “మెయింటెనెన్స్ మీదే అని రాసుకున్నాం కదండీ” అంటున్నారు. గీజరు కూడా ఆగిపోయింది. వచ్చే నెల రెన్యువల్. మనిషి మంచివారే, గొడవ పెట్టుకోవాలని లేదు. ఎవరి పని ఏమిటో తేలిపోయేలా ఈ క్లాజు ఎలా రాయించుకోవాలి?

సమాధానం:

చాలా ఏళ్లుగా అద్దె అగ్రిమెంట్లు రాస్తున్నాను. ఓనర్ల తరఫునా రాశాను, అద్దెకుండేవాళ్ల తరఫునా రాశాను. మీరు పెట్టిన మూడు వాక్యాలు హైదరాబాదులో ఏ స్టాంపు పేపర్ల దుకాణంలో అడిగినా కాస్త అటూ ఇటూగా టైపు చేసి ఇచ్చేవే. గొడవ రానంత కాలం ఎవరూ వాటిని చదవరు. వచ్చాక చదివితే ఇద్దరికీ తమవైపే ఉన్నట్టు కనిపిస్తాయి.

ఎందుకంటే మూడింటిలో ఒక్కదానికీ కొలత లేదు. “మంచి స్థితి” అంటే ఏ రోజున్న స్థితితో పోల్చి? “చిన్న మరమ్మతు” అంటే ఖర్చు చిన్నదా, పని చిన్నదా, పాడైన వస్తువు చిన్నదా? ఇక “మెయింటెనెన్స్” అనే మాటను మనవాళ్లు మూడు పనులకు వాడతారు: నెలనెలా అసోసియేషన్‌కి కట్టే డబ్బు, ఇల్లు శుభ్రంగా చూసుకోవడం, పాడైనవి బాగు చేయించడం. మీరు మొదటిది ఒప్పుకున్నామని అనుకుని సంతకం పెట్టారు, ఓనరు గారు మూడోది కూడా ఒప్పుకున్నారని అనుకుంటున్నారు. ఇద్దరిలో ఎవరూ అబద్ధమాడటం లేదు. అందుకే కొత్త క్లాజులో ఆ మాటను ఒంటరిగా ఎక్కడా వాడకండి. అసోసియేషన్ డబ్బును “నెలవారీ సొసైటీ చార్జీ” అనండి, మిగతాదాన్ని “మరమ్మతు” అనండి.

అగ్రిమెంటులో స్పష్టంగా లేకపోతే చట్టం చూసుకుంటుందిలే అనుకుంటారు చాలామంది. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 108వ సెక్షన్‌లో అద్దెదారు బాధ్యత సూటిగానే ఉంది. ఇల్లు చేతికొచ్చినప్పుడు ఎలా ఉందో, మామూలు వాడకంతో వచ్చే అరుగుదల పోను, అలాగే అప్పగించాలి. తన వల్ల ఏదైనా పాడైతే, ఓనరు నోటీసు ఇచ్చాక మూడు నెలల్లో బాగు చేయించాలి. ఓనరు విషయంలో మాత్రం ఆ సెక్షన్ ఇంకోలా మాట్లాడుతుంది. ఓనరు చేయించక తప్పని రిపేరును, చెప్పినా తగిన వ్యవధిలో చేయించకపోతే, అద్దెదారు తానే చేయించుకుని ఆ ఖర్చు వడ్డీతో సహా అద్దెలో మినహాయించుకోవచ్చు అంటుంది. చూడ్డానికి మీకు అనుకూలంగానే ఉంది. కానీ ఏ రిపేరు ఓనరు చేయించక తప్పనిదో ఆ చట్టం జాబితా ఇవ్వలేదు. దాన్ని ఒప్పందానికో, స్థానిక ఆచారానికో వదిలేసింది. కాబట్టి “ఇది యజమాని చేయించవలెను” అని మీ కాగితంలో పేరుపెట్టి రాసుకోకపోతే, ఆ మినహాయింపు హక్కు పుస్తకంలో ఉన్నా చేతికి అందదు.

ఇక అసలు పనికి వద్దాం. చిన్న, పెద్ద అన్న గీత తీసేయండి. దాని బదులు రెండు ప్రశ్నలతో విడదీయండి: పాడైంది ఏ వస్తువు, ఎందుకు పాడైంది. మీ బాత్రూమునే చూడండి. గోడలోపల పోయే పైపుకి ఒక ఎల్బో కారుతోందనుకుందాం. ఆ ఎల్బో ధర వంద రూపాయలు కూడా ఉండదు. దాన్ని మార్చడానికి టైల్స్ పగలగొట్టి, మళ్లీ ప్లాస్టరింగ్ చేసి, టైల్స్ అతికించేసరికి వేలల్లో తేలుతుంది. ఇది చిన్న రిపేరా, పెద్ద రిపేరా? ప్లంబర్ చిన్నదంటాడు, బిల్లు పెద్దదంటుంది. అదే “గోడ, నేల, స్లాబు లోపల దాగి ఉన్న పైపులు యజమానివి” అని ఉంటే ఆ ప్రశ్నే రాదు.

నేను ఓనరు జాబితాను ఇలా రాస్తాను:

“7.1. కింది వాటి మరమ్మతులు యజమాని తన ఖర్చుతో చేయించవలెను: స్లాబు, గోడలు, పిల్లర్లు, సన్‌షేడ్లు, గోడ, నేల, స్లాబు లోపల ఉన్న నీటి పైపులు, డ్రెయినేజీ పైపులు, బాత్రూములు, బాల్కనీల వాటర్‌ప్రూఫింగ్, గోడ లోపలి వైరింగ్, మెయిన్ స్విచ్, డీబీ బాక్సు, తలుపులు, కిటికీల చట్రాలు, 7.5లోని లెక్కకు లోబడి అనుబంధం ‘అ’లో రాసిన యజమాని వస్తువుల పనిచేసే భాగాలు.”

అద్దెకున్నవాళ్ల జాబితా చేతికి అందే వస్తువులది, రోజూ వాడటంతో అరిగేవాటిది:

“7.2. కింది వాటి మరమ్మతులు అద్దెదారు తన ఖర్చుతో చేయించవలెను: కుళాయిల వాషర్లు, కనిపించే కుళాయిలు, హెల్త్ ఫాసెట్లు, షవర్లు, ఫ్లష్ ట్యాంకు లోపలి భాగాలు, సింకు, వాష్‌బేసిన్, బాత్రూము నేలమీది నీళ్లు పోయే నహానీ ట్రాప్‌లలో అడ్డంకులు తీయించడం, బల్బులు, ట్యూబ్‌లైట్లు, పైకి కనిపించే స్విచ్‌లు, సాకెట్లు, తాళాలు, గడియలు, దోమతెరలు.”

ఇవి నా ఊహలోంచి పుట్టిన జాబితాలు కావు. కేంద్ర మంత్రివర్గం 2021 జూన్ 2న ఆమోదించిన మోడల్ టెనెన్సీ యాక్ట్‌లో రెండో షెడ్యూల్ ఉంది. నిర్మాణపరమైన రిపేర్లు, గోడలకు సున్నం, తలుపులూ కిటికీలకు రంగు, అవసరమైనప్పుడు పైపుల మార్పిడి, వైరింగ్ ఓనరు వైపు పెట్టింది. కుళాయిలు, డ్రెయిన్ శుభ్రం, స్విచ్‌లు, సాకెట్లు, తాళాలు, పగిలిన అద్దాలు అద్దెకున్నవాళ్ల వైపు పెట్టింది. అది నమూనా చట్టం మాత్రమే, రాష్ట్రం తన చట్టంగా చేసుకుంటే తప్ప దానికదే అమల్లోకి రాదు. అయినా ఓనరు ముందు పెట్టడానికి బాగా పనికొస్తుంది. “నేను అడుగుతున్నాను” అనడం కంటే “ప్రభుత్వం తయారుచేసిన నమూనా ఇలా ఉందండీ” అంటే కూర్చుని చదువుతారు. ఒక హెచ్చరిక: ఆ షెడ్యూల్‌ను ఉన్నదున్నట్టు అంటించుకోకండి. గీజరు రిపేరు, సర్క్యూట్ బ్రేకర్ రిపేరు అద్దెకున్నవాళ్ల వైపే పెట్టారు అందులో. దాని సంగతి కింద చెబుతాను.

రెండు జాబితాల కంటే ముఖ్యమైనది మూడో వాక్యం. అది కారణానిది:

“7.3. పై విభజన మామూలు వాడకం, కాలం వల్ల వచ్చే లోపాలకు వర్తించును. అద్దెదారు, అతని కుటుంబం, అతిథులు, పనివారు చేసిన పని వల్ల గాని, నిర్లక్ష్యం వల్ల గాని లోపం వచ్చినట్లు తేలితే, ఆ వస్తువు 7.1లో ఉన్నను ఖర్చు అద్దెదారుదే. యజమాని గాని, అతను పంపిన పనివారు గాని కారణమైతే, ఆ వస్తువు 7.2లో ఉన్నను ఖర్చు యజమానిదే.”

ఇది ఇద్దరికీ రక్షణ. ఓనరు పంపిన పెయింటరు స్విచ్ బోర్డు విరగ్గొడితే మీరు కట్టనక్కర్లేదు. మీరు అద్దం బిగించడానికి డ్రిల్లింగ్ చేయించి పైపుకి కన్నం పెడితే ఓనరు కట్టనక్కర్లేదు.

కారణం అన్నాక, దాన్ని తేల్చేదెవరు అన్న ప్రశ్న వస్తుంది. తేమ విషయంలో క్లాజులన్నీ ఇక్కడే కూలిపోతాయి, కాబట్టి మీ బాత్రూమును కొంచెం దగ్గరగా చూద్దాం.

కింది ఫ్లాటులోకి నీళ్లు దిగడానికి మామూలుగా మూడు దారులు. మొదటిది కుళాయిలకు నీళ్లు తెచ్చే ఇన్‌లెట్ పైపు. దానిలో ఎప్పుడూ ఒత్తిడి ఉంటుంది కాబట్టి మీరు ఊరెళ్లి బాత్రూము వాడకపోయినా కారుతూనే ఉంటుంది. రెండోది డ్రెయిన్ పైపు, నహానీ ట్రాప్ చుట్టూ ఉండే జాయింటు. స్నానం చేసినప్పుడు, బట్టలు ఉతికినప్పుడు కారుతుంది, తర్వాత తగ్గుతుంది. మూడోది నేల. టైల్స్ మధ్య సందుల్లోంచి నీళ్లు దిగి, కింద వాటర్‌ప్రూఫింగ్ పొర పాడై ఉంటే స్లాబులోకి ఇంకుతాయి. ఇది నెమ్మది, చుక్కలు కట్టకుండా మరక పెరుగుతూ పోతుంది.

వీటిని విడదీయడానికి గోడ పగలగొట్టక్కర్లేదు. ముందు ఆ బాత్రూముకి నీళ్లిచ్చే వాల్వు కట్టేసి, వాడకం ఆపేసి చూడండి. స్లాబు తాగిన నీళ్లు కొన్ని రోజులు దిగుతూనే ఉంటాయి. ఒక్క రోజు చూసి తీర్పు చెప్పకండి, కనీసం నాలుగైదు రోజులివ్వాలి. వాల్వు కట్టాక తేమ ఆరి, వాల్వు తెరిచాక, బాత్రూము వాడకపోయినా మళ్లీ వస్తే ఇన్‌లెట్ పైపే. తెరిచినా రాకపోతే మిగతా రెండూ చూడాలి. వాల్వు మళ్లీ కట్టేసి, నహానీ ట్రాప్ నోటిని గుడ్డతో గట్టిగా బిగించి, బకెట్లతో తెచ్చిన నీళ్లు నేలమీద రెండంగుళాలు నిలబెట్టి, గోడమీద పెన్సిలు గీత పెట్టి 24 గంటలు వదిలేయండి. గీత కంటే మట్టం దిగి, కింద తేమ కనిపిస్తే నేలలో లోపం. అక్కడ ఏమీ లేకపోతే గుడ్డ తీసి ఆ నీళ్లన్నీ ఒక్కసారిగా వదలండి. అప్పుడు కింద కారితే డ్రెయిన్ పైపు. నీళ్లు నిలబెట్టేటప్పుడు ట్రాప్ సరిగ్గా బిగించారో లేదో చూసుకోవాలి. అక్కడ సన్నగా జారిపోతున్నా మట్టం దిగుతుంది, నింద నేలమీద పడుతుంది.

మూడు దారుల్లోనూ మామూలుగా బాధ్యత ఓనరుదే, ఎందుకంటే మూడూ 7.1లో ఉన్నాయి. కానీ నేల విషయంలో అద్దెకున్నవాళ్ల చేయి ఒకచోట ఉంటుంది. మన ఇళ్లలో బాత్రూము మరకలు పోవడానికి యాసిడ్ పోసి కడగడం అలవాటు. టైల్స్ సందుల్లో నింపే తెల్ల సిమెంటును యాసిడ్ తినేస్తుంది. నెలకోసారి అలా కడిగితే సందులు బోలుగా అయిపోయి నీళ్లకు దారిస్తాయి. ఓనరు గారు ఆ మాట అంటే అది వట్టి సాకు కాదు. అందుకని నేనైతే యాసిడ్ వాడకూడదని క్లాజులోనే రాస్తాను. బదులుగా అద్దె మొదలయ్యే ముందు ఓనరు సందులన్నీ ఒకసారి నింపించి ఇవ్వాలని కూడా రాస్తాను. మొదట్లో ఎలా ఉందో తెలియకుండా చివర్లో పాడైందని ఎలా అంటారు?

“7.4. ఫ్లాటు నుండి పక్క లేదా కింది ఫ్లాటుకు నీరు, తేమ చేరుతున్నట్లు తెలిసిన 7 రోజులలో, ఇద్దరికీ సమ్మతమైన ప్లంబరుతో యజమాని పరీక్ష చేయించవలెను. పరీక్ష ఖర్చు ముందుగా యజమాని భరించవలెను. ప్లంబరు కారణాన్ని రాతలో ఇవ్వవలెను. 7.3 ప్రకారం అద్దెదారు కారణమని తేలితే పరీక్ష ఖర్చు, మరమ్మతు ఖర్చు అద్దెదారు యజమానికి చెల్లించవలెను. కారణం తేలకపోతే ఖర్చు యజమానిదే. కింది ఫ్లాటు వారితోను, అసోసియేషన్‌తోను మాట్లాడవలసినది యజమాని.”

“కారణం తేలకపోతే” అన్న వాక్యం వదిలేయకండి. ఓనరు గారు మొదట దీన్ని ఒప్పుకోరు. ఆయనతో ఇలా అనండి: పైపు ఆయనది, స్లాబు ఆయనది, ఏళ్ల తరబడి ఉండేది ఆయన ఆస్తి, తేలని దాని భారం ఆస్తి ఉన్నవారి దగ్గరే ఉండాలి. నేను ఓనరు తరఫున రాసినప్పుడు కూడా దీన్ని ఇలాగే ఉంచుతాను, ఎందుకంటే ఈ వాక్యం లేకపోతే ఎవరూ ప్లంబర్‌ని పిలవరు. తేమ పెరుగుతుంది, స్లాబులో ఇనుము తుప్పు పట్టి పెచ్చులూడుతుంది, నష్టం చివరికి ఆస్తికే.

ఇప్పుడు గీజరు. నమూనా చట్టం దాన్ని అద్దెకున్నవాళ్ల మీద పెట్టిందన్నాను. ఎలిమెంటు, థర్మోస్టాటు పోవడం వరకు అది సబబే అనుకోవచ్చు. కానీ మనకు చాలా అపార్ట్‌మెంట్లలో వచ్చేది బోరు నీళ్లు. ఆ ఉప్పు ఎలిమెంటు మీద తెల్లటి పెంకులా పేరుకుంటుంది, ట్యాంకునీ తినేస్తుంది. పదేళ్ల కిందటి గీజరు మీరు చేరిన ఏడాదిలో పోతే, మిగతా తొమ్మిదేళ్ల అరుగుదల మీ లెక్కలో వేయడం న్యాయం కాదు. ఎలా పోయిందో కూడా చూడాలి. ఆన్ చేయగానే ఎంసీబీ పడిపోతుంటే ఎక్కువగా ఎలిమెంటు షార్టయి ఉంటుంది, అది భాగం మార్చితే సరిపోయే పని. గీజరు అడుగు నుంచి తుప్పు రంగు నీళ్లు కారుతుంటే ట్యాంకు చిల్లుపడింది, అది రిపేరుతో పోయేది కాదు, మార్చాల్సిందే. కొన్నిసార్లు ట్యాంకుకు ఇంకా వారంటీ ఉంటుంది. ఆ బిల్లు ఓనరు బీరువాలో ఉంటుంది, మీ దగ్గర ఉండదు. మార్పిడి ఓనరు పని కావడానికి ఇదీ ఒక కారణం.

నా పద్ధతి ఇది: శుభ్రం చేయించడం ఒకరిది, మార్చడం ఒకరిది.

“7.5. అనుబంధం ‘అ’లోని గీజర్లు, చిమ్నీ, నీళ్ల ఫిల్టరుకు సంవత్సరానికి ఒకసారి సర్వీసింగ్ అద్దెదారు తన ఖర్చుతో చేయించి రసీదు ఉంచవలెను. సర్వీసింగ్ చేయించినప్పటికీ భాగం పాడైతే, ఒక్కో మరమ్మతుకు మొదటి 1,000 రూపాయలు అద్దెదారు, మిగిలినది యజమాని చెల్లించవలెను. వస్తువును పూర్తిగా మార్చవలసి వస్తే ఖర్చంతా యజమానిది.”

ఆ వెయ్యి అంకె మీ ఇష్టం, 500 అయినా 1,500 అయినా. కానీ దాని చుట్టూ ఉన్న మాటలు జాగ్రత్తగా చూడండి. చాలామంది “1,000 వరకు అద్దెదారు, దాటితే యజమాని” అని రాస్తారు. బిల్లు 950 వస్తే మొత్తం మీది, 1,050 వస్తే మొత్తం ఓనరుది. అప్పుడు బిల్లు పెంచమని ఒకరు, తగ్గించమని ఇంకొకరు మెకానిక్ చెవిలో చెబుతారు. “మొదటి వెయ్యి” అని రాస్తే ఆ ఆట ఉండదు. ఇంకో తగాదా, రిపేరు అంటే ఏమిటని. వారం తేడాతో అదే గీజరుకి రెండుసార్లు మెకానిక్ వస్తే రెండు వెయ్యిలా? “అదే లోపం 30 రోజులలో తిరిగి వస్తే ఒకే మరమ్మతుగా లెక్క” అని చివర్లో ఒక ముక్క కలపండి. రావడానికి తీసుకునే విజిటింగ్ చార్జీ కూడా ఈ లెక్కలోకే వస్తుందని రాయండి. ఈ డబ్బు గీత గీజరులాంటి వస్తువులకు మాత్రమే. పైపులకూ గోడలకూ దీన్ని పాకనివ్వకండి, లేకపోతే మళ్లీ చిన్న, పెద్ద తగాదా దొడ్డిదారిన వచ్చేస్తుంది.

బాధ్యత ఎవరిదో రాసినంత మాత్రాన పని జరగదు, గడువు కావాలి. గడువు మొదలవడానికి చెప్పిన రోజు కావాలి. “ఫోన్లో చెప్పాను”, “నాకు గుర్తులేదు” అన్న మాటలు రాకుండా, ఇద్దరి నంబర్లూ అగ్రిమెంటులో రాసి, ఆ నంబరుకి ఫొటోతో పంపిన వాట్సాప్ మెసేజే సమాచారంగా లెక్క అని ఒప్పుకోండి.

“7.6. లోపం కనిపించిన 3 రోజులలో అద్దెదారు ఫొటోతో తెలియజేయవలెను. నీరు పూర్తిగా ఆగడం, కరెంటు షాకు లేదా షార్టు, మురుగు ఇంట్లోకి పొంగడం అత్యవసరాలు. వీటికి సమాచారం అందిన 24 గంటలలో, మిగతా వాటికి 7 రోజులలో, గోడ లేదా నేల పగలగొట్టవలసిన పనికి 30 రోజులలో యజమాని పని మొదలుపెట్టించవలెను. గడువు దాటితే అద్దెదారు అంచనా పంపి, మరో 3 రోజులు వేచి, తానే చేయించి, బిల్లు చూపించి అద్దెలో మినహాయించుకొనవచ్చును. ఒక నెలలో మినహాయింపు ఆ నెల అద్దెలో సగం మించరాదు, మిగిలినది తరువాతి నెలలకు జరుగును. అత్యవసరాలలో అంచనా, వేచి ఉండుట అవసరం లేదు.”

సగం అన్న పరిమితి కూడా నమూనా చట్టంలో ఉన్నదే. మీ అద్దె 24,000 కాబట్టి నెలకు 12,000 దాకా. టైల్స్ తీసి పైపు మార్చే పనికి 18,000 అయిందనుకోండి, మొదటి నెల 12,000, రెండో నెల 6,000 పట్టుకుంటారు. ఓనరు గారికి ఆ అద్దె మీద ఇంటి లోను నడుస్తుండవచ్చు. అద్దె మొత్తం ఒకేసారి ఆగిపోదన్న భరోసా ఉంటే ఈ వాక్యానికి ఒప్పుకోవడం ఆయనకు తేలికవుతుంది.

మూడు రోజుల్లో చెప్పాలన్న నిబంధన మీ మీద భారంలా కనిపిస్తుంది. ఆలస్యమైతే శిక్ష ఏమిటో రాయకపోతే నిజంగానే భారం. “రిపోర్టు చేయలేదు కాబట్టి మొత్తం మీదే” అనేస్తారు. దాన్ని ఇలా కట్టేయండి: “తెలియజేయడంలో ఆలస్యమైతే, ఆ ఆలస్యం వల్ల పెరిగిన నష్టానికి మాత్రమే అద్దెదారు బాధ్యుడు.” పైపు పగలడం ఓనరుది, నెల రోజులు ఊరుకోవడం వల్ల ఉబ్బిపోయిన చెక్క వార్డ్‌రోబ్ మీది.

ఓనరు వైపు నుంచి ఒక ఫిర్యాదు నేను తరచూ వింటాను: మనిషిని పంపితే ఇంట్లో ఎవరూ లేరంటారు, ఆదివారం రమ్మంటారు, చివరికి రిపేరు చేయించలేదంటారు. అది న్యాయమైన ఫిర్యాదే. యజమాని 24 గంటల ముందు చెప్పి పగటిపూట పనివారిని పంపవచ్చని, అద్దెదారు వీలు కల్పించాలని, అద్దెదారు కాదన్న రోజులు గడువులో లెక్కకు రావని రాయండి. ఇది మీరే ముందుగా ప్రతిపాదిస్తే మిగతా క్లాజు మీద బేరం సగం తగ్గుతుంది.

అసోసియేషన్ డబ్బు సంగతి పొట్టిగా: నెలవారీ చార్జీ మీది. కార్పస్ ఫండు, లిఫ్టు మార్చడం, బిల్డింగుకి బయట పెయింటింగ్, కొత్త బోరు లాంటి వాటికి ఒక్కసారిగా వేసే వసూళ్లు ఓనరువి. “నెలవారీ కాని వసూళ్లన్నీ యజమాని చెల్లించవలెను” అన్న ఒక్క వాక్యం చాలు.

పెయింటింగ్ గురించి మీరు అడగలేదు కానీ అడ్వాన్సు తిరిగొచ్చేటప్పుడు ఎక్కువగా పేచీ పడేది దాని దగ్గరే. ఖాళీ చేసేటప్పుడు ఒక నెల అద్దె పెయింటింగ్‌కి పట్టుకోవడం హైదరాబాదులో బాగా ఉన్న అలవాటు. మీరు ఒప్పుకుంటే ఒప్పుకోండి, కానీ అంకె రాయండి, ఎన్నేళ్లున్నా అంతే అని రాయండి. దాన్ని పట్టుకున్నాక మళ్లీ మేకుల కన్నాలు, గోడ మరకలు, పిల్లల గీతలు అంటూ విడిగా లెక్క కట్టరాదని కూడా రాయండి. ఒకే గోడకి రెండుసార్లు డబ్బు పోయేది అక్కడే.

అనుబంధం ‘అ’ అని పైన రెండుసార్లు రాశాను. అది ఒక పేజీ కాగితం. ఓనరు వస్తువులన్నీ, వాటి కంపెనీ, కొన్న సంవత్సరం, ఇప్పుడున్న స్థితి. గదివారీగా ఫొటోలు తీసి, అదే రోజు ఇద్దరూ ఉన్న వాట్సాప్ గ్రూపులో పెట్టి, “ఈ తేదీన పంపిన ఫొటోలు అనుబంధంలో భాగం” అని రాస్తే చాలు, ప్రింట్లు అక్కర్లేదు. చట్టం చెప్పే “చేతికొచ్చినప్పుడున్న స్థితి”కి రుజువు అదే. అది లేకుండా “మామూలు అరుగుదల” మీద ఎంత వాదించినా గాలిలో వాదనే.

మీరు రెన్యువల్ చేస్తున్నారు కాబట్టి మీకు మాత్రమే వర్తించే చిక్కు ఒకటుంది, నిజానికి మీ కేసులో ఇదే అన్నిటికంటే అర్జంటు. ఈ పదకొండు నెలల అగ్రిమెంట్లలో మొదటి పేజీలో “ఇల్లు అన్ని విధములా మంచి స్థితిలో ఉన్నదని అద్దెదారు చూసుకొని సంతృప్తి చెందినాడు” అనే వాక్యం ఉంటుంది. రెన్యువల్‌కి పాత ఫైలే తీసి తేదీలు మార్చి ప్రింటు ఇస్తారు. మీరు వచ్చే నెల దానిమీద సంతకం పెడితే, ఆ తేదీకి బాత్రూము బాగానే ఉందని, గీజరు పనిచేస్తోందని మీరే రాసిచ్చినట్టవుతుంది. ఈరోజు ఓనరు మీద ఉన్న లోపం ఆ తర్వాత మీ హయాంలో వచ్చిన లోపంగా మారిపోతుంది. అందుకని ఆ వాక్యం తీయించి ఇది పెట్టించండి:

“అద్దెదారు మొదట ఇంట్లో చేరిన తేదీనాటి స్థితియే పోల్చుకొనుటకు ఆధారము. ఈ ఒప్పందం తేదీనాటికి ఉన్న లోపాలు: (1) కామన్ బాత్రూము నుండి కింది ఫ్లాటుకు తేమ, (2) కామన్ బాత్రూము గీజరు పనిచేయుట లేదు. వీటిని యజమాని 30 రోజులలో 7.4, 7.5 ప్రకారం పరిష్కరించవలెను.”

7.5 ఈ గీజరుకు వర్తిస్తే మీ మొదటి వెయ్యి మీరు కట్టాలి, అదీ ట్యాంకు పోలేదని తేలితేనే. పాత లోపానికి కొత్త క్లాజు ప్రకారం నేనెందుకు కట్టాలి అనిపించవచ్చు. నా సలహా, కట్టేయండి. తేమ పరీక్షకు ఓనరు గారు ముందు చేయి వేయాలంటే, మీ వైపు నుంచి కూడా ఒక బిల్లు కనబడాలి.

క్లాజు తెలుగులోనే రాయించండి, ఓనరు గారికి చదువుకోవడానికి ఇచ్చి రెండు రోజులు టైమివ్వండి. మిగతా అగ్రిమెంటు ఇంగ్లీషులో ఉంటే, “మరమ్మతుల విషయంలో ఈ తెలుగు పాఠమే చెల్లును, పాత ఒప్పందాలలోని నిర్వహణ నిబంధనలు రద్దు” అని చివర రాసి, ఆ పేజీల మీద కూడా ఇద్దరూ, సాక్షులూ సంతకాలు పెట్టండి. పరీక్ష మాత్రం రెన్యువల్ దాకా ఆపకండి. ఈ వారమే వాల్వు కట్టేసి కింది ఫ్లాటువాళ్లని రోజూ ఒక ఫొటో తీసి పంపమనండి. ఆ ఫొటోలు, ప్లంబరు రాసిచ్చిన కాగితం చేతిలో ఉంటే 7.4 మీద మీరు పెద్దగా మాట్లాడాల్సిన పని ఉండదు.